హిమోగ్లోబిన్ 12 దాటాక మాత్రలు ఆపాము, నాలుగు నెలల్లో మళ్లీ పడిపోయింది: ఐరన్ చికిత్స అసలు ఎంతకాలం సాగాలి?

పూర్ణిమ
మా అమ్మాయికి 15 ఏళ్లు, బరువు 45 కిలోలు. నెలసరి మొదలై మూడేళ్లు కావస్తోంది. ప్రతిసారీ ఎనిమిది, తొమ్మిది రోజులు రక్తస్రావం ఉంటుంది. మొదటి మూడు రోజులు గంటన్నరకొక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంది, రాత్రిపూట కనీసం ఒకసారైనా లేచి మార్చుకోవలసి వస్తుంది, పెద్ద పెద్ద గడ్డలు కూడా పడతాయి. ఆటల్లో ముందుండే పిల్ల మెట్లెక్కితేనే ఆయాసపడుతుండటంతో రక్తపరీక్ష చేయించాము. హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ 5 అని వచ్చింది. 65 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న మాత్ర రోజుకొకటి చొప్పున రాసిచ్చారు. ఎనిమిది వారాలు ఒక్క రోజు కూడా మానకుండా వేసుకుంది. మళ్లీ పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 12.1కి చేరింది. సరిపోయిందనుకుని మాత్రలు ఆపాము. ఇప్పుడు నాలుగు నెలల తరువాత చూస్తే 10.3 అని వచ్చింది.

మాత్రలు సరిగా పని చేయలేదనుకోవాలా? లేక ఈ పిల్ల జీవితాంతం వాటిని వేసుకోవలసిందేనా? ఎన్ని నెలలు వాడి ఉంటే సరిపోయేదో తెలిసినవారు చెప్పగలరు.

ఆకుపచ్చ
పూర్ణిమ గారూ, మాత్రలతో పెరిగినది మాత్రలు ఆపగానే పడిపోవడంలో ఆశ్చర్యం లేదు. శరీరం తనంతట తాను ఆహారం నుంచి ఐరన్ తీసుకోవడం మొదలుపెట్టేదాకా ఈ ఎగుడుదిగుడులు తప్పవు. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, తినేవారైతే మాంసం క్రమం తప్పకుండా పెట్టండి. వాటితోపాటు పులుపున్న పండ్లు ఇస్తే ఐరన్ బాగా ఒంటబడుతుంది. నెలసరి మొదలైన కొత్తలో ఆడపిల్లలకు రక్తస్రావం క్రమం తప్పడం సహజమే కాబట్టి అది కాలక్రమేణా దానంతట అదే సర్దుకుంటుంది. మాత్రల మీద ఆధారపడటం అలవాటు చేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

సూక్ష్మదర్శిని
నేను రక్తవ్యాధుల విభాగంలో చాలాకాలంగా పని చేస్తున్న వైద్యురాలిని. పిల్లను చూడకుండా చికిత్స చెప్పలేను కానీ, పూర్ణిమ గారు ఇచ్చిన అంకెల్లోనే ఆమె ప్రశ్నకు చాలావరకు సమాధానం ఉంది కనుక వాటిని లెక్క వేసి చూపిస్తాను.

45 కిలోల పిల్ల ఒంట్లో సుమారు 3.15 లీటర్ల రక్తం ఉంటుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. హిమోగ్లోబిన్ 9.4 నుంచి 12.1కి పెరిగిందంటే డెసిలీటరుకు 2.7 గ్రాములు, అంటే లీటరుకు 27 గ్రాములు పెరిగినట్లు. ఆ పెరుగుదలకు దాదాపు 290 మిల్లీగ్రాముల ఐరన్ పట్టి ఉంటుంది. ఆ ఎనిమిది వారాల్లో రెండు నెలసరులు వచ్చి ఉంటాయి, వాటిలో పోయిన దాన్ని కూడా మాత్రలే పూడ్చాయి. మొత్తం 56 మాత్రల్లో మింగినది 3,640 మిల్లీగ్రాములు, ఒంటబట్టినది అందులో పదో వంతు. ఐరన్ మాత్రలకు ఇది మంచి ఫలితమే. కాబట్టి మాత్రలు పని చేయలేదన్న మాట సరికాదు.

అయితే వచ్చిన ఐరన్ అంతా ఎముక మజ్జ కొత్త ఎర్ర రక్తకణాల తయారీకి వాడేసుకుంది. కాలేయంలోనూ మజ్జలోనూ నిల్వగా ఉండవలసిన ఐరన్‌కు ఏమీ మిగలలేదు. ఫెరిటిన్ ఆ నిల్వకు కొలత. ఆ రోజు హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ కూడా చూసి ఉంటే అది పదికి అటూ ఇటూగా ఉండేదని నా అంచనా. జీతం అందిన రోజునే అప్పులన్నీ తీర్చేసి ఖాతాలో ఏమీ మిగల్చుకోని ఇంటి పరిస్థితి లాంటిదే ఇది, మరుసటి నెల ఖర్చు వచ్చేసరికి మళ్లీ లోటే.

ఇక ఆ తరువాతి నాలుగు నెలల సంగతి. హిమోగ్లోబిన్ 12.1 నుంచి 10.3కి దిగింది, అంటే సుమారు 190 మిల్లీగ్రాముల ఐరన్ తగ్గింది. ఆహారం నుంచి వచ్చినదంతా పోగా నెలకు దాదాపు 50 మిల్లీగ్రాముల లోటు ఉన్నట్లు తేలుతుంది. ఆ స్థాయి హిమోగ్లోబిన్ ఉన్నప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో 38 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది కాబట్టి, ప్రతి నెలసరికి ఆమె 130 మిల్లీలీటర్ల కంటే ఎక్కువే కోల్పోతోంది. సాధారణంగా పోయేది 30 నుంచి 40 మిల్లీలీటర్లు, 80 దాటితే అధిక రక్తస్రావమని పరిగణిస్తారు.

ఆకుపచ్చ గారు ఆహారం గురించి చెప్పినది తప్పు కాదు కానీ, ఆహారం నుంచి ఒంటబట్టేది మామూలుగా రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు మాత్రమే. లోటు బాగా ఉన్నప్పుడు పేగు ఇంకాస్త ఎక్కువ పీల్చుకుంటుంది కానీ దానికీ ఒక హద్దు ఉంది. చర్మం ద్వారా, పేగుల లోపలి పొర రాలడం ద్వారా రోజూ ఎలాగూ ఒక మిల్లీగ్రాము పోతుంది. దానికి తోడు ఈ వయసులో ఎత్తు, బరువు పెరిగే కొద్దీ రక్త పరిమాణం కూడా పెరగాలి, దానికీ ఐరన్ కావాలి. వీటన్నిటి మీద నెలకు 50 మిల్లీగ్రాముల అదనపు నష్టాన్ని ఏ ఆహారమూ పూడ్చలేదు. లోటు తీరిన తరువాత అది మళ్లీ రాకుండా చూసుకోవడంలో ఆహారానిది పెద్ద పాత్రే, లోటును తీర్చే శక్తి మాత్రం దానికి లేదు.

మాత్రలపెట్టె
నేను ఫార్మసిస్టును. మాత్రల విషయంలో తరచుగా జరిగే ఒక పొరపాటు చెబుతాను. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె చాలాసార్లు లవణం బరువు, ఐరన్ బరువు కాదు. 200 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో ఉండే ఐరన్ 65 మిల్లీగ్రాములు. 300 మిల్లీగ్రాముల ఫెర్రస్ గ్లూకోనేట్‌లో ఉండేది 35 మాత్రమే. పెద్ద అంకె చూసి అదే బలమైనదనుకుని మాత్ర మార్చుకునేవారిని చూస్తూనే ఉంటాను. మీ అమ్మాయికి ఇచ్చిన దానిలో అసలు ఐరన్ ఎంతో లేబుల్ వెనుక చిన్న అక్షరాల్లో చూడండి.

టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్రలు, గుండెమంట మందులు ఐరన్ మాత్రకు ముందూ వెనుకా కనీసం రెండు గంటలు దూరంగా ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు నాలుగు గంటలు ఎడం పాటించాలి. మాత్రతోపాటు విటమిన్ సి తప్పనిసరిగా వేసుకోవాలి, లేకపోతే వృథా. మలం నల్లగా రావడం మామూలే, భయపడవలసిన పని లేదు. వికారం ఉంటే భోజనం తరువాత వేసుకోవచ్చు, కొంత తక్కువ ఒంటబట్టినా పూర్తిగా మానేయడం కంటే అదే నయం. ఇంట్లో చిన్న పిల్లలుంటే సీసాను వారికి అందనంత ఎత్తులో పెట్టండి, ఐరన్ మాత్రలు కొన్ని మింగినా పసిపిల్లల ప్రాణానికి ప్రమాదం.

త్వరగా కావాలంటే రోజుకు రెండు వేసుకోవచ్చు, సగం కాలంలో పని పూర్తవుతుంది.

సూక్ష్మదర్శిని
మాత్రలపెట్టె గారు చెప్పినవాటిలో రెండింటిని సవరించాలి. విటమిన్ సి కలిపి ఇచ్చినవారికీ, ఐరన్ మాత్ర ఒక్కటే ఇచ్చినవారికీ మధ్య హిమోగ్లోబిన్ పెరుగుదలలో చెప్పుకోదగిన తేడా పెద్దవారి మీద జరిపిన వైద్య పరీక్షలో కనిపించలేదు. ఆహారంలోని ఐరన్‌కు విటమిన్ సి బాగా సాయపడుతుంది, అంత మోతాదున్న మాత్రకు దాని అవసరం అంతగా ఉండదు. వేసుకుంటే నష్టమేమీ లేదు, లేకపోతే వృథా అనడమే సరికాదు.

రెండు మాత్రలు వేసుకుంటే సగం కాలంలో పని అవుతుందన్నది అంతకంటే ముఖ్యమైన అపోహ. ఐరన్ లోనికి రాగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది, అది పేగు గోడలోని ద్వారాన్ని మూసేస్తుంది. 60 మిల్లీగ్రాములు, అంతకు మించిన మోతాదు తీసుకున్న తరువాత దాదాపు ఒక రోజంతా దాని ప్రభావం ఉంటుంది. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటే సాయంత్రం మాత్ర వచ్చేసరికి ద్వారం సగం మూసి ఉంటుంది. ఒంటబట్టని ఐరన్ పేగులోనే మిగిలిపోయి కడుపునొప్పికీ మలబద్ధకానికీ కారణమవుతుంది, చివరికి పిల్ల మాత్రలే మానేస్తుంది. రోజుకు ఒక్కసారి, ఒక్క మాత్ర చాలు.

లెక్కల_మాస్టారు
వైద్యురాలి గారి లెక్క ముచ్చటగా ఉంది కానీ, హెప్సిడిన్ ఒక రోజంతా ద్వారం మూసేస్తే రోజుకొక మాత్ర కూడా ఎక్కువే కదా? రోజు విడిచి రోజు వేసుకోవాలని నేను చదివాను. అలాగైతే మీరు చెప్పిన పదో వంతు మారిపోతుంది, దానితో కాలం లెక్క కూడా తలకిందులవుతుంది. రెండో సంగతి, మా అమ్మాయికి 14 ఏళ్లు, ఫెరిటిన్ 12 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద 10 నుంచి సాధారణం అని ఉంది. అది సరిపోతుందనే కదా అర్థం?

నిద్రగన్నేరు
నాకు 19 ఏళ్లు. నా సంగతి చెబితే ఎవరికైనా ఉపయోగపడవచ్చు. నాకు హిమోగ్లోబిన్ 12.6. ఇంట్లో అందరూ నీకు రక్తం బాగానే ఉంది, బద్ధకం తగ్గించుకో అనేవారు. నిజానికి ఏడాది పాటు తరగతిలో మెలకువగా కూర్చోలేకపోయాను, రాత్రి పడుకుంటే కాళ్లు కదుపుతూనే ఉండాలనిపించేది, ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు గిన్నెలో వేసుకుని కరకర నమలకుండా ఉండలేకపోయేదాన్ని. ఆ ఐసు సంగతి వినగానే ఒక వైద్యురాలు ఫెరిటిన్ పరీక్ష రాశారు, 9 వచ్చింది. మాత్రలు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ఐసు మీద ధ్యాస పోయింది. నాకు రక్తహీనతే లేనప్పుడు చికిత్స అవసరమా అని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. ఈ చర్చ రక్తహీనత గురించి కాబట్టి నా ప్రశ్న ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు.

సూక్ష్మదర్శిని
నిద్రగన్నేరు గారూ, మీ ప్రశ్న ఈ చర్చకు పక్కది కాదు, మొదటి మెట్టు. నిల్వ ఖాళీ అయ్యాకే హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. పూర్ణిమ గారి అమ్మాయి కూడా 9.4కి దిగడానికి ముందు చాలాకాలం మీరున్న స్థితిలోనే ఉండి ఉంటుంది, అప్పుడెవరూ చూడలేదు. ఐరన్‌తో పని హిమోగ్లోబిన్‌కే కాదు, కండరాలకూ మెదడుకూ కూడా ఉంది. అందుకే అలసట, కాళ్లలో ఆ అసహనం, ఐసు నమలాలనే తహతహ రక్తహీనత రాకముందే కనిపించవచ్చు. మీకు చికిత్స అవసరమే.

లెక్కల మాస్టారు గారూ, ల్యాబ్ కాగితం మీద ఉండే హద్దును చాలాచోట్ల ఆరోగ్యంగా కనిపించేవారి రక్తం నుంచి లెక్కిస్తారు. నెలసరి వచ్చే వయసు స్త్రీలలో ఐరన్ లోపం అతి సాధారణం కనుక, ఆ ఆరోగ్యవంతులలోనే లోపమున్నవారు కలిసిపోతారు, హద్దు కిందికి జారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 15. రోగులను చూసే వైద్యులలో చాలామంది 30 లోపు ఉంటే లోపమనే భావిస్తారు. 12 ఈ రెండింటిలో ఏ హద్దుతో చూసినా తక్కువే. ఒక జాగ్రత్త కూడా చెబుతాను. జ్వరంగానీ ఒంట్లో వాపుగానీ ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుంది. ఎక్కువగా వస్తే దాన్ని నమ్మలేకపోవచ్చు కానీ, తక్కువగా వస్తే మాత్రం నిస్సందేహంగా నమ్మవచ్చు.

రోజు విడిచి రోజు అన్న మాటకు ఆధారం ఉంది. ఐరన్ తక్కువగా ఉన్న యువతుల మీద స్విట్జర్లాండ్‌లో జరిపిన పరిశోధనల్లో అలా ఇచ్చినప్పుడు ఒక్కొక్క మాత్ర నుంచి ఎక్కువ శాతం ఒంటబట్టింది, కడుపు ఇబ్బందులు కూడా తగ్గాయి. అయితే వారిలో చాలామందికి తీవ్రమైన రక్తహీనత లేదు. హిమోగ్లోబిన్ 9, 10 ఉన్న పిల్లలో శరీరం అవసరం ఎంత తీవ్రంగా ఉంటుందంటే హెప్సిడిన్ అంతగా పెరగదు, అలాంటప్పుడు రోజూ ఇవ్వడమే త్వరగా లాభిస్తుందని నా అనుభవం. దీని మీద వైద్యులందరిదీ ఒకే మాట కాదు, రోజు విడిచి రోజు ఇచ్చే సహోద్యోగులు నాకున్నారు, వారి రోగులూ కోలుకుంటున్నారు. మాత్రను తట్టుకోలేక మానేసే పిల్లకు ఆ పద్ధతే మంచిదని నేనూ ఒప్పుకుంటాను.

లెక్కల_మాస్టారు
అయితే పూర్ణిమ గారి అసలు ప్రశ్నకు అంకెల్లో సమాధానం చెప్పండి. ఎన్ని నెలలు?

సూక్ష్మదర్శిని
రెండు దశలుగా చూడాలి. మొదటిది హిమోగ్లోబిన్ దశ. ఇప్పుడున్న 10.3 నుంచి 13కి చేరాలంటే 290 మిల్లీగ్రాములు కావాలి, పోయినసారి ఎనిమిది వారాల్లో వచ్చినంతే. ఈసారీ రెండు నెలల్లో వస్తుందని ఆశించవచ్చు. మధ్యలో ఒక తనిఖీ ఉండాలి. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే అలాగే నెలల తరబడి సాగదీయకూడదు. మాత్ర వేసుకుంటోందా, దేనితో వేసుకుంటోంది, రక్తస్రావం మరీ ఎక్కువగా ఉందా, పేగు ఐరన్‌ను పీల్చుకోలేకపోతోందా, అసలు ఇది ఐరన్ లోపమేనా అని చూడాలి.

రెండో దశ నిల్వ నింపడం, పూర్ణిమ గారు ఆపినది దీని ముంగిట్లోనే. ఫెరిటిన్‌లో ఒక్కొక్క అంకెకు నిల్వలో సుమారు 8 నుంచి 10 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. 5 నుంచి 50కి తేవాలంటే దాదాపు 400 మిల్లీగ్రాములు కావాలి. అయితే హిమోగ్లోబిన్ సర్దుకున్నాక శరీరం ఆత్రం తగ్గించుకుంటుంది, మాత్రలో పదో వంతుకు బదులు ఇరవయ్యో వంతు ఒంటబడుతుందనుకుందాం. అంటే రోజుకు 3 మిల్లీగ్రాముల చిల్లర, నెలకు సుమారు 100. అందులో 50 నెలసరిలో పోతే మిగిలేది 50. ఆ లెక్కన నిల్వ నిండటానికి ఎనిమిది నెలలు పడుతుంది. రక్తస్రావాన్ని అదుపులోకి తెచ్చి ఆ 50 లోటును తీసేస్తే అదే పని నాలుగు నెలల్లో అవుతుంది. ఒంటబట్టే శాతం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ఈ అంకెలను అంచనాగానే తీసుకోండి. హిమోగ్లోబిన్ సరిపోయిన తరువాత కనీసం మరో మూడు నెలలు మాత్రలు కొనసాగించాలని వైద్యులు చెప్పేది ఈ రెండో దశ కోసమే, అధిక రక్తస్రావం ఉన్న పిల్లకు ఆ మూడు నెలలు చాలకపోవచ్చు.

ఇందులో ఒక చిక్కు ఉంది. హిమోగ్లోబిన్ 9.4 ఉన్నప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంతో పోయే ఐరన్ 32 మిల్లీగ్రాములు, అదే 13 ఉన్నప్పుడు 44. పిల్ల కోలుకునే కొద్దీ, రక్తస్రావం ఏమాత్రం పెరగకపోయినా, ప్రతి నెలసరిలో ఆమె కోల్పోయే ఐరన్ పెరుగుతుంది. మాత్రలు ఒక్కటే ఇస్తూ రక్తస్రావాన్ని వదిలేస్తే చికిత్స చివరి భాగం ఎందుకు ముందుకు కదలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

చినుకు
ఇన్ని నెలల గొడవ ఎందుకు? సెలైన్‌లా నరంలోకి ఐరన్ ఎక్కించేస్తే ఒక్క రోజులో అయిపోతుంది కదా. మా చెల్లెలికి అలాగే చేశారు.

సూక్ష్మదర్శిని
ఎక్కించవచ్చు. మాత్రలు ఏ విధంగానూ తట్టుకోలేనివారికి, పేగు పీల్చుకోలేనివారికి, మాత్రలను మించిన వేగంతో రక్తం పోతున్నవారికి నేనూ అదే చేయిస్తాను. అయితే ఎక్కించిన రోజునే హిమోగ్లోబిన్ పెరగదు, మజ్జ కొత్త కణాలను తయారు చేయడానికి ఎలాగూ వారాలు పడుతుంది. తప్పేది నిల్వ నింపడానికి పట్టే ఆ నెలలు. అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు కనుక ఆసుపత్రిలోనే చేయాలి, కొన్ని రకాల మందులతో రక్తంలో ఫాస్ఫేట్ తగ్గి నీరసం రావచ్చు. ఈ పిల్లకు మాత్రలు చక్కగా పని చేశాయని పోయినసారే తేలింది, కాబట్టి తొందరపడనవసరం లేదు. ఎక్కించినా రక్తస్రావం అలాగే ఉంటే ఏడాది తిరిగేలోగా మళ్లీ ఇదే స్థితికి వస్తుంది.

పూర్ణిమ
ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. రక్తస్రావం గురించి మేము అసలు ఎవరినీ అడగలేదు, మా ఇంట్లో ఆడవాళ్లందరికీ ఇలాగే ఉంటుంది కాబట్టి ఇది మామూలే అనుకున్నాము. నాకు కూడా చిన్నప్పటి నుంచీ ఇంతే, కాన్పు తరువాత రక్తస్రావం ఆగకపోతే రక్తం ఎక్కించారు. అమ్మాయికి పాలపన్ను ఊడినప్పుడు మరుసటి రోజు దాకా రక్తం కారుతూనే ఉండటం గుర్తుంది. ఇప్పుడు కూడా ముక్కు నుంచి అప్పుడప్పుడు రక్తం వస్తుంది. హార్మోన్ మాత్రలు ఇస్తారేమోనని మాత్రం భయంగా ఉంది, ఈ వయసులో అవి వాడితే తరువాత పిల్లలు పుట్టరంటారు.

సూక్ష్మదర్శిని
పూర్ణిమ గారూ, మీరు మామూలే అనుకున్న ఆ నాలుగు విషయాలూ ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనవి. నెలసరి మొదలైన తొలి ఏళ్లలో అండం సక్రమంగా విడుదల కాకపోవడం వల్ల రక్తస్రావం ఎక్కువ కావడం నిజమే, ఆకుపచ్చ గారు చెప్పినట్లు అది కాలంతో సర్దుకోవచ్చు. అయితే అధిక రక్తస్రావంతో వచ్చే అమ్మాయిల్లో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి రక్తం గడ్డకట్టడంలో లోపం బయటపడుతుంది. వాటిలో ఎక్కువగా కనిపించేది వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే అదే పేరున్న ప్రోటీన్ తక్కువైనా, సరిగా పని చేయకపోయినా వచ్చేది, ఆ తరువాత ప్లేట్‌లెట్ల పనితీరులో లోపాలు. ఇవి వంశపారంపర్యంగా వస్తాయి, అందుకే ఇంట్లో అందరికీ ఉన్నప్పుడు ఎవరికీ వింతగా అనిపించదు. ముక్కు, పన్ను, కాన్పు, నెలసరి ఒకే కథలో కలిసి వచ్చినప్పుడు పరీక్ష చేయించి తీరాలి. మీరు కూడా చేయించుకోండి.

పరీక్ష ఒక్కసారి మామూలుగా వచ్చినంత మాత్రాన ఆ వ్యాధి లేదని తేల్చకూడదు. భయం, జ్వరం, వ్యాయామం, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు ఈ ప్రోటీన్ స్థాయిని తాత్కాలికంగా పెంచుతాయి. సూది చూసి ఏడ్చిన పిల్లలో కూడా పెరగవచ్చు. కాబట్టి అనుమానం బలంగా ఉంటే రెండు మూడుసార్లు చేస్తారు, వీలైతే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టక ముందే చేస్తారు. ఆ ఫలితం తేలేదాకా కడుపునొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లం వంటివి ఇవ్వకండి, అవి ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తాయి. పారాసిటమాల్ వాడుకోవచ్చు.

రక్తస్రావాన్ని తగ్గించడానికి మార్గం హార్మోన్లు ఒక్కటే కాదు. ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మాత్ర గడ్డ త్వరగా కరిగిపోకుండా ఆపుతుంది, నెలసరి ఎక్కువగా ఉన్న ఐదు రోజుల వరకు మాత్రమే వేసుకుంటారు, హార్మోన్లతో దానికి సంబంధం లేదు. గతంలో రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడినవారికి ఇవ్వరు. హార్మోన్ మాత్రలు ఇంకా గట్టిగా పని చేస్తాయి. వాటివల్ల తరువాత పిల్లలు పుట్టరన్నది నిజం కాదు, ఆపిన తరువాత గర్భం దాల్చే శక్తి తిరిగి వస్తుంది. తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపుల వంటివి కనిపించే, ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్నవారికి, కుటుంబంలో రక్తనాళాల గడ్డల చరిత్ర ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఇచ్చే ముందు ఆలోచిస్తారు కాబట్టి అలాంటివేమైనా ఉంటే వైద్యులకు ముందే చెప్పండి.

ఆకుపచ్చ
రక్తస్రావం కుటుంబంలోనే ఉందన్న సంగతి మొదట తెలియదు కాబట్టి నేను అలా చెప్పాను. అయినా మాత్రలు ఆపాక నిలబెట్టేది తిండే కదా, దాన్ని ఇప్పటి నుంచే సరిచేసుకోవడంలో తప్పేముంది?

మాత్రలపెట్టె
తప్పేమీ లేదు. ఆకుకూరలు తింటోంది కాబట్టి మాత్ర ఎగ్గొట్టవచ్చనుకోకపోతే చాలు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మూడో సీసాకు రారు. రెండో సీసా అయ్యేసరికి పిల్ల హుషారుగా తిరుగుతుంటుంది, ఇక ఎందుకని ఆపేస్తారు.

పూర్ణిమ
చర్చను చూస్తున్నవారి కోసం తరువాతి సంగతులు రాస్తున్నాను. మాత్రలు మళ్లీ మొదలుపెట్టిన ఐదు వారాలకు హిమోగ్లోబిన్ 11.6కి వచ్చింది. ఈ నెల నెలసరిలో ట్రానెక్సామిక్ ఆమ్లం ఇచ్చారు, ప్యాడ్ మూడు గంటలకొకసారి మార్చుకుంటే సరిపోయింది, రాత్రి లేవవలసిన అవసరం రాలేదు. వాన్ విల్లిబ్రాండ్ పరీక్షలో ఫలితం హద్దు మీద ఉందని, మరోసారి చేయాలని చెప్పారు. నా నమూనా కూడా తీసుకున్నారు, ఇంకా రాలేదు. మా వైద్యుడు ఫెరిటిన్ 30 దాటితే మాత్రలు ఆపవచ్చన్నారు. ఇక్కడేమో 50 అని లెక్క వేశారు. ఏది పాటించాలి?

సూక్ష్మదర్శిని
దీనికి అందరూ ఒప్పుకున్న అంకె లేదు. 30 దాటితే లోపం లేదన్న మాట వాస్తవమే కాబట్టి మీ వైద్యుడు చెప్పినది తప్పు కాదు. నెలనెలా నష్టం కొనసాగే పిల్లకు 30 దగ్గర ఆపితే కొద్ది నెలల్లో మళ్లీ కిందికి వస్తుందని నేను 50 దాకా ఆగుతాను. ఎక్కడ ఆపినా మూడు నెలల తరువాత, జ్వరం వంటివి లేని సమయంలో, హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ కూడా మళ్లీ చూడమని అడగండి. అప్పటికి ఫెరిటిన్ నిలబడి ఉంటే రక్తస్రావం నిజంగా అదుపులో ఉన్నట్లు. దిగుతూ ఉంటే హిమోగ్లోబిన్ 12 పైన ఉన్నా సరే, అప్పుడే మాత్ర మళ్లీ మొదలుపెట్టాలి, రక్తస్రావానికి ఇస్తున్న మందును కూడా మార్చవలసి ఉంటుంది.

లెక్కల_మాస్టారు
మా అమ్మాయి ఫెరిటిన్ 12 సంగతి రేపు వైద్యుల దగ్గరికి తీసుకెళ్తున్నాను. ప్యాడ్ ఎన్ని గంటలకు తడుస్తుందో వాళ్లమ్మను అడిగి రాసిపెట్టుకున్నాను, గడ్డల పరిమాణం కూడా రాయాలా?

సూక్ష్మదర్శిని
రాయండి. రెండున్నర సెంటీమీటర్లు దాటినవి ఉంటే ప్రత్యేకంగా చెప్పండి. ఎన్ని రోజులుంటుందో, రాత్రి లేస్తుందో లేదో, బడి మానేస్తుందో లేదో కూడా. వాళ్లమ్మ వైపూ మీ వైపూ ఎవరికైనా పన్ను తీయించుకున్నాకగానీ కాన్పులోగానీ రక్తం ఆగక ఇబ్బంది అయ్యిందేమో ఈ రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి.